లాంగ్ రూట్ డీజిల్ లారీకి ఇంజిన్ ఆయిల్: ఏ గ్రేడు, ఎన్ని కిలోమీటర్లకు, ఎంత మిగులు? (తరచుగా అడిగే ప్రశ్నలు)

లారీ ఓనర్లు, డ్రైవర్లు, గ్యారేజీ వాళ్ళు ఆయిల్ గురించి అడిగే సందేహాలు కాస్త అటూఇటూగా ఒకటే. వాటిని ఒక చోట చేర్చాం. ఏ ప్రశ్న అవసరమైతే అక్కడికే వెళ్ళి చదువుకోవచ్చు. ధరలు ఊరూరికీ, ఏటేటికీ మారతాయి కాబట్టి లెక్కలన్నీ డబ్బుల్లో కాకుండా డీజిల్ లీటర్లలో వేశాం. మీ బిల్లుల్లోని రేట్లను ఆ రోజు డీజిల్ రేటుతో భాగిస్తే మీ అంకెలు మీకు వస్తాయి.

## గ్రేడు ఎంచుకునేటప్పుడు

డబ్బా మీద 15డబ్ల్యూ-40 అని ఉంటుంది. ఆ రెండు అంకెలూ ఏం చెబుతాయి?

మొదటి అంకె చలిలో ఆయిల్ ఎలా ఉంటుందో చెబుతుంది, రెండోది ఇంజిన్ వేడెక్కాక ఎలా ఉంటుందో చెబుతుంది. 15డబ్ల్యూ ఆయిల్‌ను మైనస్ 20 డిగ్రీల దగ్గర స్టార్టింగ్‌కీ, మైనస్ 25 దగ్గర పంపు లాగగలదా లేదా అనేదానికీ పరీక్షిస్తారు. 10డబ్ల్యూకి ఈ రెండు పరీక్షలూ ఇంకో 5 డిగ్రీల కింద జరుగుతాయి. రెండో అంకె 100 డిగ్రీల దగ్గర చిక్కదనం. 40 అంటే 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ లోపు, 30 అంటే 9.3 నుంచి 12.5 లోపు. ఈ రెండు అంకెల్లో ఏదీ ఆయిల్ నాణ్యతను చెప్పదు, ఎన్ని కిలోమీటర్లు వస్తుందో అసలే చెప్పదు. దానికి డబ్బా మీద ఉండే సీఐ-4, సీకే-4 లాంటి అక్షరాలు, ఇంజిన్ తయారీదారు అప్రూవల్ నంబరు చూడాలి.

మా రూట్లో మంచు పడదు. అలాంటప్పుడు 10డబ్ల్యూ, 5డబ్ల్యూ మాకెందుకు?

స్టార్టింగ్ కోసమే అయితే అక్కర్లేదు. లాంగ్ రూట్ బండి రోజుకి ఒకటో రెండోసార్లు స్టార్ట్ అవుతుంది, మిగతా సమయమంతా ఆయిల్ వేడిగానే ఉంటుంది. చలి అంకె చిన్నదైన ఆయిళ్ళలో ఎక్కువ భాగం సింథటిక్ లేదా సెమీ సింథటిక్ బేస్‌తో తయారవుతాయి. వేడికి తక్కువ ఆవిరవడం, త్వరగా ఆక్సీకరణ చెందకపోవడం ఆ బేస్ వల్ల వచ్చే లాభాలు. అంటే మీరు డబ్బు పెట్టేది చలికి కాదు, ఆయిల్ ఎక్కువ కాలం నిలవడానికి. ఎక్కువ కాలం వాడే ఆలోచన లేకపోతే ఆ డబ్బు దండగ.

పల్చటి 30 గ్రేడు వేస్తే బేరింగులు కొట్టుకుపోవా?

భయం సహజమే, కానీ గేజ్ పుల్ల మీద నుంచి జారే తీరు చూసి తేల్చే విషయం కాదు ఇది. క్రాంక్ బేరింగు లోపల ఆయిల్ పొర చాలా వేడిగా ఉంటుంది, విపరీతమైన వేగంతో రెండు లోహాల మధ్య నలుగుతుంది. అక్కడ ఆయిల్ ఎంత చిక్కగా నిలబడుతుందో కొలవడానికి 150 డిగ్రీల దగ్గర ఒక ప్రత్యేక పరీక్ష ఉంది, దాన్ని హెచ్‌టీహెచ్‌ఎస్ అంటారు. సీకే-4 స్థాయి ఆయిల్ అయితే 10డబ్ల్యూ-30 అయినా సరే ఈ అంకె 3.5కి తగ్గకూడదు. 15డబ్ల్యూ-40కి కనీసం 3.7. తేడా జనం అనుకునేంత పెద్దదేమీ కాదు.

అసలు జాగ్రత్త పడాల్సింది ఎఫ్‌ఏ-4 అనే రకంతో. దాని డబ్బా మీద కూడా 10డబ్ల్యూ-30 అనే ఉండొచ్చు, కానీ దాని హెచ్‌టీహెచ్‌ఎస్ 2.9 నుంచి 3.2 మధ్య ఉంటుంది. ఆ పల్చదనానికి తగ్గట్టు డిజైన్ చేసిన ఇంజిన్లకే అది. మీ బండి మాన్యువల్‌లో ఎఫ్‌ఏ-4 అని స్పష్టంగా రాసి ఉంటే తప్ప ముట్టుకోవద్దు. గ్రేడు ఒకటే కదా అని కౌంటర్‌లో ఇచ్చింది తెచ్చుకుంటే ఇక్కడే దెబ్బ తగులుతుంది.

పాత బండిలో కొత్త సీకే-4 ఆయిల్ వేయొచ్చా? మరి సీఐ-4 చవక కదా?

సీకే-4 2016 డిసెంబరులో వచ్చింది. దానికి ముందున్న సీజే-4, సీఐ-4 అడిగే ఇంజిన్లలోనూ వేసుకోవచ్చు. వెనక్కి మాత్రం వెళ్ళకూడదు. పొగ గొట్టంలో మసి ఫిల్టరు ఉన్న బండిలో సీఐ-4 వేయకూడదు. కారణం బూడిద. ఆయిల్‌లోని కాల్షియం లాంటి లోహాలు కాలాక బూడిదగా మిగులుతాయి. మసిని ఫిల్టరు తనంతట తాను కాల్చేసుకుంటుంది, బూడిదను కాల్చలేదు. ఏడాదికి 30 లీటర్ల ఆయిల్ కాలే ఇంజిన్‌లో బూడిద ఒక శాతం ఉన్న ఆయిల్ వాడితే దాదాపు 260 గ్రాములు, ఒకటిన్నర శాతం ఉన్నది వాడితే 390 గ్రాముల బూడిద తయారవుతుంది. దాంట్లో ఎక్కువ భాగం ఫిల్టర్లోకే చేరుతుంది. ఆయిల్‌లో మిగిల్చింది ఫిల్టరు క్లీనింగ్‌లో పోతుంది.

మసి ఫిల్టరు లేని పాత బండికి, అందులోనూ గంధకం ఎక్కువున్న డీజిల్ దొరికే చోట తిరిగే బండికి, సీఐ-4 ఇప్పటికీ సరైన ఆయిలే. గంధకం నుంచి పుట్టే ఆమ్లాన్ని విరిచే క్షారం అందులో సాధారణంగా కాస్త ఎక్కువ ఉంటుంది.

## లెక్క వేసేటప్పుడు

సింథటిక్ ధర రెట్టింపు. అది ఎక్కడ గిట్టుబాటు అవుతుంది?

ఒక బండిని తీసుకుని పూర్తిగా లెక్కేద్దాం. ఏడాదికి 1,20,000 కిలోమీటర్లు, మైలేజీ లీటరుకు 4. అంటే ఏడాదికి 30,000 లీటర్ల డీజిల్. సంప్‌లో 30 లీటర్ల ఆయిల్ పడుతుంది. మామూలు 15డబ్ల్యూ-40 లీటరు ధర 4 లీటర్ల డీజిల్‌కు సమానం అనుకుందాం, సింథటిక్ 10డబ్ల్యూ-30 ధర 8 లీటర్లకు. ఆయిల్ ఫిల్టర్ల సెట్టు 40 లీటర్లు. లేబరు, బండి ఆగినందుకు పోయిన కిరాయి కలిపి 60 లీటర్లు. ల్యాబులో ఒక శాంపిల్ పరీక్షకు 10 లీటర్లు. మధ్యలో ఏడాదికి 30 లీటర్ల ఆయిల్ టాప్-అప్.

మొదటిది, ఇప్పుడు చేస్తున్నది: మామూలు ఆయిల్, 30,000కి ఒకసారి మార్పు. ఒక్కో మార్పుకు ఆయిల్ 120, ఫిల్టర్లు 40, లేబరు, ఆగినందుకు 60, మొత్తం 220. ఏడాదికి నాలుగు మార్పులు కాబట్టి 880. టాప్-అప్ 120 కలిపితే 1,000 లీటర్లు. డీజిల్ ఖర్చులో ఇది ముప్పయ్యో వంతు, అంతే.

రెండోది, చాలామంది చేసే పని: సింథటిక్ పోసి, భయంతో గడువు మాత్రం 30,000 దగ్గరే ఉంచడం. ఒక్కో మార్పు 340 అవుతుంది, నాలుగింటికి 1,360. టాప్-అప్ కూడా సింథటిక్‌తోనే చేయాలి కాబట్టి 240. ఇంధనంలో ఒక శాతం ఆదా అయిందనుకున్నా 300 లీటర్లు తగ్గుతాయి. నికరంగా 1,300. మొదటిదానికన్నా 300 లీటర్లు ఎక్కువే ఖర్చయింది.

మూడోది, సింథటిక్ పోసి 60,000 వరకు నడపడం. తయారీదారు అంత గడువును ఒప్పుకున్న ఇంజిన్ అయితేనే ఇది కుదురుతుంది. రెండు మార్పులకు 680, నాలుగు శాంపిళ్ళకు 40, టాప్-అప్ 240, అందులోంచి ఇంధన ఆదా 300 తీసేస్తే 660. ఏడాదికి 340 లీటర్లు మిగిలింది.

నాలుగోదాన్ని ఎక్కువమంది పట్టించుకోరు: పాత ఆయిలే ఉంచి, పరీక్షలు చేయిస్తూ 40,000కి పెంచడం. మూడు మార్పులకు 660, మూడు శాంపిళ్ళకు 30, టాప్-అప్ 120, మొత్తం 810. కొత్తగా ఏమీ కొనకుండానే 190 లీటర్లు మిగిలింది. పైగా మూడో పద్ధతిలో ఇంధన ఆదా ఒక శాతం కాకుండా అర శాతమే వస్తే, అదీ సరిగ్గా 810 దగ్గరే ఆగుతుంది.

కాబట్టి ఇలాంటి బండికి మొదట చేయాల్సింది ఉన్న ఆయిల్‌ను పరీక్షతో పొడిగించడమే. సింథటిక్ ఆ తర్వాతి మెట్టు. గడువు పెంచే ఉద్దేశం లేకుండా సింథటిక్ కొనడంలో నాకైతే అర్థం కనబడదు.

గడువు ఎంత పెంచితే అంత లాభమా?

కాదు. పెంచే కొద్దీ మిగులు తగ్గిపోతూ ఉంటుంది. ఏడాదికి 1,20,000 తిరిగే బండికి ఒక్కో ఆయిల్ మార్పుకు 220 లీటర్ల డీజిల్ అంత ఖర్చు అనుకోండి. 30,000 నుంచి 40,000కి వెళితే మార్పులు నాలుగు నుంచి మూడుకు తగ్గి 220 లీటర్లు మిగులుతాయి. 40,000 నుంచి 50,000కి వెళితే 132. అక్కణ్ణుంచి 60,000కి వెళితే 88 మాత్రమే. రిస్కు మాత్రం ఇందుకు తలకిందులుగా పెరుగుతుంది, చివరి పది వేల కిలోమీటర్లలోనే ఆయిల్ అన్నిటికన్నా బలహీనంగా ఉంటుంది. ఇంజిన్ బోరుకొస్తే అయ్యే ఖర్చు 7,000 లీటర్ల డీజిల్ అంత ఉంటుందనుకుంటే, ఆ చివరి 88 లీటర్ల కోసం ఎంత తెగించాలో ఓనరే తేల్చుకోవాలి.

పల్చటి ఆయిల్‌తో మైలేజీ పెరుగుతుందంటారు. మాకు బంకు దగ్గర ఏ తేడా తెలియలేదే?

తెలియదు కూడా. 15డబ్ల్యూ-40 నుంచి 10డబ్ల్యూ-30కి మారితే వచ్చే ఆదా మామూలుగా అర శాతం నుంచి ఒకటిన్నర శాతం మధ్య ఉంటుంది. లీటరుకు 4 కిలోమీటర్లు ఇచ్చే బండి, ఒక శాతం పెరిగితే 4.04 ఇస్తుంది. టైర్లలో గాలి కాస్త తగ్గినా, ఎదురుగాలి వీచినా, డ్రైవర్ మారినా అంతకన్నా ఎక్కువ తేడా వస్తుంది. ట్యాంకు నిండుగా కొట్టించామా, నురగ దగ్గరే ఆపేశామా అన్నదాంట్లోనే ఆ 0.04 కొట్టుకుపోతుంది.

నిజంగా చూడాలంటే ఒకే మోడల్, ఒకే రూటు, దాదాపు ఒకే లోడుతో తిరిగే బండ్లను రెండు గుంపులుగా చేయాలి. ముందు రెండు గుంపులకూ పాత ఆయిలే ఉంచి కొన్ని నెలల సగటు మైలేజీ తీయాలి. తర్వాత ఒక గుంపుకే మార్చి, రెండు గుంపుల మధ్య తేడా ఎంత జరిగిందో చూడాలి. ఒకే బండిలో ముందూ వెనకా పోల్చితే ఆయిల్‌ను కాదు, వాతావరణాన్ని కొలిచినట్టు అవుతుంది. రెండే బండ్లున్న ఓనరు ఈ పరీక్ష పెట్టుకోకపోవడమే మంచిది. లెక్కలో అర శాతం మాత్రమే వేసుకుని, దాంతో గిట్టుబాటు అయితేనే మారాలి.

గడువును కిలోమీటర్లలో పెట్టుకోవాలా, ఇంజిన్ గంటల్లోనా?

రెండిటికన్నా కాల్చిన డీజిల్ లీటర్లు మంచి కొలత. ఆయిల్‌ను పాడు చేసే మసి, ఆమ్లం, కరిగే డీజిల్, వేడి, ఇవన్నీ సిలిండర్లో కాలిన ఇంధనం నుంచే వస్తాయి. చక్రం ఎన్ని చుట్లు తిరిగిందన్నది ఆయిల్‌కు తెలియదు.

చదును రోడ్డు మీద లీటరుకు 4 ఇచ్చే బండి 40,000 కిలోమీటర్లకు 10,000 లీటర్లు కాలుస్తుంది. అదే మోడల్ బండి నిండు లోడుతో ఘాట్ రోడ్లలో లీటరుకు 3 ఇస్తే, అదే 10,000 లీటర్లు 30,000 కిలోమీటర్లకే అయిపోతాయి. రెండు బండ్లకూ 40,000 అని ఒకే స్టిక్కరు అంటిస్తే రెండో బండికి అన్యాయం జరిగినట్టే. ఒక బండి మీద పరీక్షలతో గడువు తేలాక దాన్ని లీటర్లలోకి మార్చి, మిగతా బండ్లకు ఆ లీటర్లనే వర్తింపజేయండి. డీజిల్ బిల్లులు ఎలాగూ దాస్తారు కాబట్టి కొత్తగా రాయాల్సిందేమీ ఉండదు.

ఒక మినహాయింపు ఉంది. ఏసీ కోసమో, అన్‌లోడింగ్ దగ్గరో గంటల తరబడి ఇంజిన్ ఆన్‌లో ఉంచే బండికి లీటర్ల లెక్క కూడా సరిపోదు. ఐడ్లింగ్‌లో కాలే డీజిల్ తక్కువే, కానీ సిలిండర్లు చల్లగా ఉండటంతో కాలని డీజిల్ గోడల వెంట జారి సంప్‌లో చేరుతుంది. అలాంటి బండికి గడువు తగ్గించి ఉంచాలి.

## గడువు పెంచేటప్పుడు

పరీక్షకు ఆయిల్ శాంపిల్ ఎలా తీయాలి? డ్రెయిన్ చేసేటప్పుడు పట్టి పంపితే చాలదా?

పంపొచ్చు, కానీ మొదట వచ్చే ధారను పట్టకూడదు. సంప్ అడుగున కూర్చున్న మడ్డి, నీరు ముందు వస్తాయి. కొంత ఆయిల్ పోనిచ్చి, మధ్య ధారలో శుభ్రమైన పొడి సీసా పెట్టాలి. అంతకన్నా మంచి పద్ధతి, గేజ్ పుల్ల గొట్టంలోంచి కొత్త ప్లాస్టిక్ ట్యూబు దింపి చేతి పంపుతో లాగడం. ట్యూబు సంప్ అడుగుకు తగలకూడదు. గేజ్ పుల్ల పక్కన ట్యూబు పెట్టి కొలిచి, పుల్ల కొస కన్నా కొంచెం మాత్రమే కిందకు దిగేలా గుర్తు పెట్టుకుంటే సరిపోతుంది.

ఎలా తీసినా బండి నడిచి వచ్చిన అరగంటలోపు తీయాలి, అప్పుడే మసి, లోహపు పొడి ఆయిల్‌లో సమంగా తేలుతూ ఉంటాయి. రాత్రంతా ఆగిన బండిలోంచి తీసిన శాంపిల్‌లో ఇనుము తక్కువ చూపించి మోసం చేస్తుంది. సీసా మీద బండి నంబరు, ఆయిల్ పేరు, ఆ ఆయిల్ మీద తిరిగిన కిలోమీటర్లు, మధ్యలో పోసిన టాప్-అప్ రాయాలి. ఇవి లేని రిపోర్టు వచ్చినా, దాన్ని దేనితో పోల్చాలో ఎవరికీ తెలియదు. ఇంకొక మాట: వాడని కొత్త ఆయిల్ శాంపిల్ కూడా ఒకటి పంపండి. పోల్చడానికి మొదటి అంకెలు అక్కణ్ణుంచే వస్తాయి.

రిపోర్టులో ఇరవై అంకెలుంటాయి. ఏవి చూసి నిర్ణయించాలి?

ముందు మూడు చూస్తే చాలు: ఆయిల్‌లో మిగిలిన క్షారం, పెరిగిన ఆమ్లం, ఇనుము పెరిగే వేగం. క్షారాన్ని రిపోర్టులో టీబీఎన్ అని, ఆమ్లాన్ని టీఏఎన్ అని రాస్తారు. కొత్త ఆయిల్‌లో టీబీఎన్ ఎక్కువగా, టీఏఎన్ తక్కువగా ఉంటాయి. వాడే కొద్దీ మొదటిది దిగుతుంది, రెండోది ఎక్కుతుంది. రెండూ కలుసుకునే చోటు దాటి నడిపితే ఆమ్లం బేరింగుల సీసం, రాగి పొరలను తినడం మొదలుపెడుతుంది.

ఒక రిపోర్టు ఇలా ఉందనుకుందాం. కొత్త ఆయిల్‌లో టీబీఎన్ 10.2, టీఏఎన్ 2.1. 30,000 దగ్గర తీసిన శాంపిల్‌లో 6.1, 3.0. 40,000 దగ్గర 4.9, 3.9. మొదటి 30,000లో ఆమ్లం 0.9 పెరిగితే, ఆ తర్వాతి పది వేలల్లోనే మళ్ళీ 0.9 పెరిగింది. అంటే ఆయిల్ అలిసిపోతోంది. ఇదే ఊపులో పోతే ఇంకో ఐదు వేలకు రెండు అంకెలూ 4.3 దగ్గర కలుస్తాయి. టీబీఎన్ కూడా మొదటి విలువలో సగం కిందకు దిగింది. కాబట్టి ఈ ఆయిల్‌కు, ఈ బండిలో 40,000 సరైన హద్దు. 45,000 వరకు లాగితే మిగిలేది కొంచెం, పోయేది చాలా.

ఇనుము విషయంలో మొత్తం కన్నా వేగం ముఖ్యం. 30,000 దగ్గర 42 పీపీఎం, 40,000 దగ్గర 61 ఉంటే మొదటి 30,000లో వెయ్యి కిలోమీటర్లకు 1.4, తర్వాతి పది వేలల్లో 1.9 చొప్పున పెరిగినట్టు. ఇది మామూలు అరుగుదలే, ఎక్కువ కాలం వాడారు కాబట్టి అంకె పెద్దదయింది. అదే 30,000 దగ్గర 42 ఉండి 35,000 దగ్గర 85 కనిపిస్తే, ఆ ఐదు వేలల్లో వెయ్యికి 8.6 చొప్పున పెరిగినట్టు. ఇది గడువు సమస్య కాదు, ఇంజిన్‌లో ఏదో మొదలైంది. ఆయిల్ మార్చి ఊరుకుంటే ఆ ఆధారం డ్రెయిన్‌లో పోతుంది, కారణం మాత్రం అక్కడే ఉంటుంది.

మిగతా వాటిలో సిలికాన్, అల్యూమినియం రెండూ కలిసి పెరిగితే గాలి ఫిల్టరు దగ్గరో, దాని గొట్టాల దగ్గరో దుమ్ము లోపలికి పోతోందని అర్థం. కొత్త ఆయిల్‌లో లేని సోడియం లేదా పొటాషియం కనిపిస్తే కూలెంట్ లీకు కావచ్చు. మసి మూడు శాతం దాటితే జాగ్రత్త పడాలి.

ఆయిల్ ఉంచేసి ఫిల్టరు మాత్రం మధ్యలో మార్చొచ్చా?

మార్చొచ్చు. గడువు పెంచిన బండికి కొన్నిసార్లు మార్చాల్సి కూడా వస్తుంది. ఫిల్టరు నిండిపోతే ఇంజిన్‌కు ఆయిల్ ఆగిపోకుండా బైపాస్ వాల్వు తెరుచుకుంటుంది. అప్పటి నుంచి వడపోత లేని ఆయిల్ నేరుగా బేరింగులకు వెళుతుంది, క్యాబిన్‌లో ఏ లైటూ వెలగకపోవచ్చు. 30,000 కోసం చేసిన ఫిల్టరును 60,000 నడిపితే ఆయిల్ బాగున్నా ఇంజిన్ దెబ్బతినేది ఇలాగే. ఎక్కువ గడువుకు తయారుచేసిన ఫిల్టరు దొరికితే అది వాడండి, లేకపోతే మధ్యలో ఒకసారి మార్చి, ఆ ఫిల్టరుతో పాటు పోయిన ఆయిల్‌ను నింపండి. అయితే ఫిల్టరు మార్చినంత మాత్రాన ఆయిల్ కొత్తది కాదు. ఫిల్టరు పట్టేది రేణువులను, ఆమ్లాన్ని కాదు.

టాప్-అప్ చేస్తూనే ఉంటాం కదా, ఆయిల్ ఎప్పుడూ కొత్తగానే ఉంటుందిగా?

కొంతవరకు నిజం. పోసిన ప్రతి లీటరూ కాస్త క్షారాన్ని తిరిగి తెస్తుంది. 30 లీటర్ల సంప్‌లో గడువులోపు 10 లీటర్లు పోసిన బండి రిపోర్టు, ఏమీ పోయని బండి రిపోర్టు కన్నా ఎప్పుడూ బాగుంటుంది. చిక్కు కూడా అక్కడే. ఆయిల్ తాగే పాత ఇంజిన్‌లో టీబీఎన్ బాగుందని గడువు పెంచి, అదే గడువును చుక్క ఆయిల్ తాగని కొత్త ఇంజిన్‌కు పెడితే కొత్తదే ముందు దెబ్బతింటుంది. టాప్-అప్ ఎంత పోశారో రాయకపోతే ఇనుము అంకె కూడా పలచబడి తక్కువగా కనిపిస్తుంది.

వారంటీలో ఉన్న బండికి గడువు పెంచొచ్చా?

మాన్యువల్‌లో రాసిన గడువు దాటకండి. తయారీదారు కొన్ని అప్రూవల్ నంబర్లున్న ఆయిళ్ళకు ఎక్కువ గడువు ఇస్తాడు. ఆ నంబరు డబ్బా మీద ఉంటే, ఆ గడువును కాగితం మీద రాయించుకుని వాడుకోండి. డబ్బా మీద "సరిపోతుంది" అని రాసి ఉండటం అప్రూవల్ కాదు. వారంటీ అయ్యేలోపు శాంపిళ్ళు మాత్రం తీయిస్తూ ఉండండి, తర్వాత గడువు పెంచేటప్పుడు పాత రిపోర్టులు చేతిలో ఉంటాయి.

## తేడా కనిపించినప్పుడు

మార్చిన వెయ్యి కిలోమీటర్లకే నల్లబడింది. నకిలీ ఆయిల్ అంటగట్టారా?

రంగు చూసి ఆ మాట అనలేం. డీజిల్ ఇంజిన్‌లో మసి ఆయిల్‌లోకి రావడం మామూలే, దాన్ని ముద్దకట్టనివ్వకుండా సన్నగా తేలేట్టు ఉంచడమే ఆయిల్ పని. పాత ఆయిల్ రెండు మూడు లీటర్లు ఎలాగూ లోపలే మిగిలిపోతుంది, కొత్తదాన్ని నల్లబరచడానికి అదే చాలు. రంగు చూసి ఆయిల్ మార్చే ఓనరు అనవసరంగా ఎక్కువ సార్లు మారుస్తున్నాడు.

రంగు కన్నా మచ్చ ఎక్కువ చెబుతుంది. వేడి ఆయిల్ ఒక్క చుక్క ఫిల్టరు కాగితం మీద వేసి, కింద ఏమీ తగలకుండా కొన్ని గంటలు వదిలేయండి. నలుపు మధ్య నుంచి అంచు దాకా సమంగా, బూడిదరంగులో పరుచుకుంటే ఆయిల్ మసిని ఇంకా మోస్తున్నట్టు. మధ్యలో చిక్కటి నల్లటి బొట్టు గట్టి అంచుతో ఆగిపోయి, దాని చుట్టూ లేత పసుపు నూనె మాత్రమే పాకితే, మసి గడ్డకడుతోందని. అప్పుడు రిపోర్టు కోసం చూడక్కర్లేదు, మార్చేయడమే. కూలెంట్ కలిసినా ఇలాంటి మచ్చే పడుతుంది కాబట్టి మార్చే ముందు ఒక శాంపిల్ తీసి ఉంచండి.

టాప్-అప్ చేయకుండానే గేజ్‌లో ఆయిల్ పెరుగుతోంది. మంచిదేగా?

మంచిది కాదు. బండి ఆపి చూడాల్సిన సంగతి. సంప్‌లోకి డీజిల్ గానీ కూలెంట్ గానీ చేరుతోంది. డీజిల్ అయితే గేజ్ పుల్ల దగ్గర వాసన వస్తుంది, ఆయిల్ నీళ్ళలా జారుతుంది. కారణం లీకయ్యే ఇంజెక్టరు కావచ్చు, మసి ఫిల్టరు మసిని కాల్చుకునే రీజనరేషన్‌కు మాటిమాటికీ వెళ్ళడం కావచ్చు. కొన్ని ఇంజిన్లలో ఆ సమయంలో సిలిండర్లోకి ఆలస్యంగా కొట్టే డీజిల్‌లో కొంత గోడల వెంట కిందకు దిగుతుంది. డీజిల్ రెండు మూడు శాతం దాటిందంటే 40 గ్రేడు కాస్తా 30 వైపు జారిపోతుంది. పల్చటి ఆయిల్ వేయడానికి భయపడే ఓనర్ల బండ్లలోనే ఇది చాలాసార్లు నడుస్తూ ఉంటుంది, ఎవరూ కొలవరు కాబట్టి తెలియదు. కూలెంట్ అయితే ట్యాంకులో లెవెల్ తగ్గుతూ ఉంటుంది, ఆయిల్ మూత లోపల తెల్లటి నురగ పట్టొచ్చు. ఈ రెండిటిలో ఏదైనా సరే, కారణం సరిచేయకుండా ఆయిల్ మార్చితే కొత్త ఆయిల్ కూడా అంతే.

దారిలో మన గ్రేడు దొరకలేదు. వేరేది కలపొచ్చా?

లెవెల్ కనిష్ఠ గీత కిందకు వెళ్ళి నడపడం కన్నా వేరే డీజిల్ ఇంజిన్ ఆయిల్ ఒకటి రెండు లీటర్లు కలపడం నయం. మినరల్, సింథటిక్ కలిస్తే విరిగిపోతాయన్నది నిజం కాదు. కానీ సంప్‌లో ఉన్నది సింథటిక్ అయి, దాని మీద ఎక్కువ గడువు లెక్క పెట్టుకుని ఉంటే, మామూలు ఆయిల్ కలిపాక ఆ గడువు వదిలేసి మామూలు ఆయిల్ గడువుకే మార్చండి. ఎఫ్‌ఏ-4 మాత్రం కలపొద్దు. ఏం పోశారో, ఎంత పోశారో డ్రైవర్ ట్రిప్ షీట్‌లో రాయాలి.

గడువు పెంచిన బండికి మళ్ళీ ఎప్పుడు తగ్గించాలి?

రూటు మారి మైలేజీ పడిపోయినప్పుడు, డీజిల్ కొనే చోటు మారి గంధకం ఎక్కువున్నది వచ్చినప్పుడు, ఇంజిన్ విప్పి పని చేయించినప్పుడు. విప్పిన ఇంజిన్‌లోంచి మొదట్లో అరుగుదల పొడి, గ్యాస్కెట్ సిలికాన్ ఎక్కువగా వస్తాయి కాబట్టి మొదటి ఆయిల్‌ను త్వరగా దించేయాలి. ఆ రిపోర్టును పాత రిపోర్టులతో పోల్చకూడదు. ఆయిల్ బ్రాండు మార్చినా అంతే, పాత గడువు కొత్త ఆయిల్‌కు దానంతటదే వర్తించదు. మొదటి డ్రెయిన్‌ను మాన్యువల్ గడువుకే చేసి, శాంపిల్ తీసి, టీబీఎన్ ఎక్కడ ఆగిందో చూసుకుని అక్కణ్ణుంచి ఐదేసి వేల చొప్పున పెంచుకుంటూ వెళ్ళాలి.